చార్మినార్‌ను 32 బిట్లలో ఇమిడిస్తే

చార్మినార్ ఉన్నచోటు తూర్పు రేఖాంశం 78.4747 డిగ్రీలు. ఈ అంకెను కంప్యూటర్‌కి ఇచ్చి, 'సింగిల్ ప్రెసిషన్'లో దాచమని చెప్పి, మళ్లీ బయటికి తీసి పూర్తి అంకెలతో చూపించమంటే 78.474700927734375 అని చూపిస్తుంది. చివరనున్న ఆ తోకను మనమెవరమూ టైపు చెయ్యలేదు. యంత్రం పొరబడనూ లేదు. ఇచ్చిన జాగాలో చార్మినార్‌కి అంతకంటే దగ్గరగా వెళ్లడం దానికి సాధ్యం కాదు, అంతే.

ఆ జాగా 32 బిట్లు. ఒక్కో బిట్ సున్నానో ఒకటో. అలాంటివి ముప్ఫై రెండు వరసగా పేర్చితే సుమారు 429 కోట్ల రకాల అమరికలు వస్తాయి. చాలా ఎక్కువే అనిపిస్తుంది గానీ, సున్నాకీ ఒకటికీ మధ్యనే లెక్కలేనన్ని వాస్తవ సంఖ్యలున్నాయి. కాబట్టి ఏ 429 కోట్ల సంఖ్యలకు చోటివ్వాలి, మిగతా వాటిని దేనికి సర్దాలి అన్నది ముందే తేల్చుకోవాలి. 1985లో వచ్చిన ఐ ట్రిపుల్ ఈ 754 ప్రమాణం తేల్చింది అదే. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. ఐబీఎం సిస్టమ్/360 పదహారు ఘాతాలతో లెక్క కట్టేది, డెక్ కంపెనీ వ్యాక్స్ యంత్రాలది వేరే అమరిక. ఒకే ప్రోగ్రామ్ ఒకచోట ఒక జవాబు, ఇంకోచోట ఇంకో జవాబు ఇచ్చేది. బర్కిలీ ఆచార్యుడు విలియం కహాన్ ఇంటెల్ వారి 8087 చిప్ కోసం చేసిన ఆలోచనలే ఆ ప్రమాణానికి పునాది అయ్యాయి. 1989లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

పద్ధతిలోని మూలసూత్రం మనం హైస్కూల్లో చదువుకున్నదే. కాంతి వేగాన్ని సెకనుకు 3 × 10⁸ మీటర్లని రాస్తాం కదా. అందులో మూడు సంగతులున్నాయి: ధనమా రుణమా అన్న గుర్తు, అసలు అంకెలు, పదిని ఎన్నిసార్లు గుణించాలో చెప్పే ఘాతం. కంప్యూటర్ కూడా ఈ మూడింటినే దాచుకుంటుంది, కాకపోతే పదికి బదులు రెండుతో. 32 బిట్లలో మొదటిది గుర్తుకి, తర్వాతి ఎనిమిది ఘాతానికి, మిగిలిన ఇరవై మూడు అంకెలకు. ఆ చివరి భాగాన్నే మాంటిస్సా అంటారు. ఘాతం మారితే బిందువు అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి దీనికి ఫ్లోటింగ్ పాయింట్ అన్న పేరొచ్చింది. ప్రోగ్రాములు రాసేవాళ్లు పొట్టిగా 'ఫ్లోట్' అంటారు.

ఇప్పుడు 78.4747ని మనమే చేత్తో మార్చి చూద్దాం. కాగితం, పెన్సిలు చాలు.

ముందు 78 సంగతి. దాన్ని రెండుతో భాగిస్తూ పోయి, శేషాలను పక్కన రాసుకోవాలి. 78ని భాగిస్తే 39, శేషం 0. 39ని భాగిస్తే 19, శేషం 1. ఆపైన 9, శేషం 1. 4, శేషం 1. 2, శేషం 0. 1, శేషం 0. చివరికి 0, శేషం 1. శేషాలను కింది నుంచి పైకి చదివితే 1001110. బైనరీలో 78 అంటే ఇదే. ఇందులో పేచీ ఏమీ లేదు, పూర్ణాంకాలు ఎప్పుడూ ఇలాగే తెగుతాయి.

పేచీ అంతా బిందువు తర్వాతి 0.4747 దగ్గరే. దీనికి పని తిరగబడుతుంది. రెండుతో గుణిస్తూ పోవాలి. జవాబు ఒకటి దాటితే 1 రాసుకుని ఆ ఒకటిని తీసెయ్యాలి, దాటకపోతే 0 రాసుకోవాలి.

```
0.4747 × 2 = 0.9494   → 0
0.9494 × 2 = 1.8988   → 1
0.8988 × 2 = 1.7976   → 1
0.7976 × 2 = 1.5952   → 1
0.5952 × 2 = 1.1904   → 1
0.1904 × 2 = 0.3808   → 0
```

ఓపికుంటే ముందుకు సాగండి, కానీ ఇది తెగదు. భిన్నంగా రాస్తే 0.4747 అంటే 4747/10000. హారంలో ఐదులున్నాయి, అవి లవంతో కొట్టుకుపోవు. బైనరీలో ఒక భిన్నం తెగాలంటే హారం కేవలం రెండు ఘాతమై ఉండాలి. మూడో వంతును దశాంశాల్లో రాయబోతే 0.333 అంటూ అంతులేకుండా సాగినట్టే ఇదీ సాగుతుంది. మనకు నాలుగంకెల్లో ముగిసిన సంఖ్య కంప్యూటర్‌కి అనంతమైన సంఖ్య. రూపాయిలో పది పైసలదీ, అంటే 0.1దీ ఇదే గతి.

మరి ఎక్కడ ఆపాలి? మాంటిస్సాకి 23 బిట్లే అయినా, నిజానికి 24 అంకెలు దాచొచ్చు. దాని రహస్యం ఇంకాసేపట్లో చెబుతాను. ఇరవై నాలుగులో 78కి ఏడు పోయాయి. బిందువు తర్వాత పదిహేడే మిగిలాయి. పదిహేడు సార్లు గుణిస్తే వచ్చే వరస 01111001100001011. అప్పటికి చేతిలో ఇంకా 0.8784 మిగిలి ఉంటుంది. అది సగం కంటే ఎక్కువ కాబట్టి చివరి అంకెకు ఒకటి కలపాలి. బైనరీలో 1కి 1 కలిపితే 10, కాబట్టి ఎక్కాన్ని ఎడమకి జరుపుతూ పోతే చివరనున్న 01011 కాస్తా 01100 అవుతుంది. మనం మొదట చూసిన తోక పుట్టింది సరిగ్గా ఈ మెట్టులోనే. మిగతా మెట్లన్నీ ఉన్నదాన్ని ఉన్నట్టు అటూ ఇటూ సర్దడమే తప్ప విలువను ముట్టుకోవు.

ఇప్పుడు రెండు ముక్కలూ కలిపితే:

```
1001110.01111001100001100
```

తర్వాత బిందువును ఎడమకు జరిపి, దాని ముందు ఒక్క 1 మాత్రమే ఉండేలా చెయ్యాలి. ఆరు స్థానాలు జరిపాం కాబట్టి ఘాతం 6:

```
1.00111001111001100001100 × 2^6
```

ఇందాకటి రహస్యం ఇక్కడుంది. దశాంశ పద్ధతిలో బిందువు ముందు 1 నుంచి 9 దాకా ఏ అంకైనా ఉండొచ్చు. బైనరీలో సున్నా కానిదంటే ఒకటే. ఎప్పుడూ ఒకటే ఉండేదాన్ని రాసుకోవడం ఎందుకు? దాన్ని రాయకుండానే ఉన్నట్టు లెక్కేసుకుంటారు, అలా 23 బిట్లలో 24 అంకెల పని జరుగుతుంది. అయితే ఈ పొదుపుకి ఒక చిక్కు ఉంది. ముందు తప్పనిసరిగా 1 ఉందనుకుంటే సున్నాను రాసే దారే మూసుకుపోతుంది. అందుకని ఘాతం బిట్లన్నీ సున్నాలైన అమరికను సున్నాకీ, దాని చుట్టుపక్కలుండే అతి చిన్న సంఖ్యలకీ కేటాయించారు. ఘాతం బిట్లన్నీ ఒకట్లైతే అది అనంతం, లేదా అర్థం లేని లెక్కకు వచ్చే 'సంఖ్య కాదు' అన్న జవాబు.

ఇక ఘాతం. మనది 6 గానీ, చిన్న సంఖ్యలకు రుణ ఘాతాలూ వస్తాయి. ఎనిమిది బిట్లలో మళ్లీ ఒక గుర్తు బిట్ పెట్టకుండా, ప్రతి ఘాతానికీ 127 కలిపి దాస్తారు. ఈ 127ని బయాస్ అంటారు. 6కి 127 కలిపితే 133, బైనరీలో 10000101. గుర్తు బిట్ ఉంటే సరిపోయేదానికి ఈ కలపడం ఎందుకని చాలామంది విద్యార్థులు అడుగుతారు. పాఠ్యపుస్తకాలు కారణం చెప్పకుండా సూత్రం మాత్రం ఇస్తాయి. కారణం పోలిక. 127 కలిపాక రుణ ఘాతాలు చిన్న అంకెలుగా, ధన ఘాతాలు పెద్ద అంకెలుగా మారి వరసలో నిలబడతాయి. ఘాతం మాంటిస్సా కంటే ముందుంది కూడా. దాంతో రెండు ధన సంఖ్యల్లో ఏది పెద్దదో తెలియాలంటే విడదీయనక్కర్లేదు, 32 బిట్లనూ మామూలు పూర్ణాంకాలుగా చూసి పోల్చేస్తే చాలు.

చార్మినార్ తూర్పున ఉంది కాబట్టి సంఖ్య ధనం, గుర్తు బిట్ 0. మూడు భాగాలూ వరసగా:

```
0 10000101 00111001111001100001100
```

నాలుగేసి బిట్లు కలిపి హెక్సాడెసిమల్లో రాస్తే 429CF30C. మన చేతి లెక్కను పైథాన్‌తో సరిచూసుకోవచ్చు:

```python
import struct
b = struct.pack('>f', 78.4747)
print(b.hex())
print('%.15f' % struct.unpack('>f', b)[0])
```

మొదటి వరసలో `429cf30c`, రెండో వరసలో `78.474700927734375` వస్తాయి. అసలు విలువకీ దీనికీ తేడా డిగ్రీలో కోటి భాగాల్లో సుమారు తొమ్మిది. నేలమీద కొలిస్తే పది సెంటీమీటర్ల లోపు.

పది సెంటీమీటర్లేగా అని వదిలేస్తే అసలు విషయం జారిపోతుంది. ఆ పది మనకు అదృష్టం కొద్దీ దొరికింది. చూడాల్సింది పక్కపక్కనున్న రెండు ఫ్లోట్ల మధ్య ఎడం. బిందువు తర్వాత పదిహేడు బిట్లే మిగిలాయి కాబట్టి 78 దగ్గర ఒక ఫ్లోట్‌కీ తర్వాతి ఫ్లోట్‌కీ మధ్య 2⁻¹⁷, అంటే సుమారు 0.00000763 డిగ్రీల ఎడం ఉంటుంది. హైదరాబాద్ అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం దాదాపు 106 కిలోమీటర్లు. లెక్కగడితే ఎడం 81 సెంటీమీటర్లు. చార్మినార్ దగ్గర తూర్పు పడమరల దిశలో ఫ్లోట్‌కి తెలిసిన చోట్లు 81 సెంటీమీటర్లకొకటి. మధ్యలో ఎక్కడ నిలబడ్డా, అటో ఇటో దగ్గరున్న చోటికి జరగాల్సిందే.

అక్షాంశం సంగతి వేరు. చార్మినార్ అక్షాంశం 17.3616. అది 16కీ 32కీ మధ్యది, ఘాతం 4 మాత్రమే. పూర్ణాంకానికి ఐదు బిట్లే పోయి, బిందువు తర్వాత పంతొమ్మిది మిగులుతాయి. అక్కడ ఎడం 21 సెంటీమీటర్లు. అంటే ఫ్లోట్ కళ్లకు చార్మినార్ పరిసరాలు 81 సెంటీమీటర్ల వెడల్పు, 21 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గళ్ల కాగితంలా కనిపిస్తాయి.

ఇదే కొలతను ప్రపంచమంతా తిప్పితే తమాషాగా ఉంటుంది. లండన్ రేఖాంశం −0.1276. పడమరన ఉంది కాబట్టి గుర్తు బిట్ 1. దాని పరిమాణం 1.0208 × 2⁻³. ఘాతం −3కి 127 కలిపితే 124, కాబట్టి ముందు వచ్చే తొమ్మిది బిట్లు 1 01111100. ఎడం 2⁻²⁶ డిగ్రీలు, లండన్ నేలమీద దాదాపు ఒక మిల్లీమీటరు. ఫిజీ దీవులు 178 డిగ్రీల దగ్గరున్నాయి, అక్కడ ఎడం 1.6 మీటర్లు. లండన్‌కి మిల్లీమీటరు, హైదరాబాద్‌కి ముప్పాతిక మీటరు పైన, ఫిజీకి మీటరున్నర దాటి. ఏ సంఖ్యకైనా ఉన్నది 24 అంకెలే. సున్నాకి దగ్గరైతే అవి సూక్ష్మానికి పనికొస్తాయి, దూరమైతే పూర్ణాంకమే చాలావాటిని తినేస్తుంది. 1884లో వాషింగ్టన్‌లో కూర్చుని సున్నా రేఖాంశాన్ని గ్రీనిచ్ మీదుగా గీసినవాళ్లు, నూరేళ్ల తర్వాత రాబోయే ఒక ప్రమాణంలో ఏ ఊరికి ఎంత కచ్చితత్వం దక్కాలో కూడా తెలియకుండానే నిర్ణయించేశారు.

మామూలు ఫోన్ జీపీఎస్ తప్పే కొన్ని మీటర్లుంటుంది, దానిముందు 81 సెంటీమీటర్లు లెక్కలోకి రావు. పొలాల సర్వేకి వాడే రోవర్లు కొద్ది సెంటీమీటర్ల తేడాతో హద్దు చూపగలవు. ఆ అంకెల్ని మధ్యలో ఏ ప్రోగ్రామైనా ఫ్లోట్‌లో పెట్టిందంటే హద్దు అరమీటరు దాకా కూడా కాకపోయినా ఒక అడుగు పైన జరిగిపోవచ్చు. గట్టు దగ్గర అడుగు జరిగితే ఏమవుతుందో మన పల్లెల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో `getLatitude()`, `getLongitude()` రెండూ 64 బిట్ల `double` ఇస్తాయి. స్థానం ఎంత నమ్మదగిందో మీటర్లలో చెప్పే `getAccuracy()` మాత్రం ఫ్లోట్. దేనికి ఎంత చాలో ఆలోచించి చేసిన పని అది.

ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్టుల్లో మాత్రం పిల్లలు తరచూ ఇక్కడే దెబ్బతింటారు. ఆర్డువినో యూనో బోర్డుకి జీపీఎస్ తగిలించి బస్సు జాడ తీసే ప్రాజెక్టు చాలా కాలేజీల్లో ఉంటుంది. జాగ్రత్తపడి ప్రోగ్రామ్‌లో `double` అనే రాస్తారు. కానీ ఆ బోర్డులో `double` కూడా నాలుగు బైట్లే, పేరు మాత్రమే వేరు. ఎక్కడా తప్పు చూపించదు. తెలుసుకునే దారి ఒకటుంది. వరసగా వచ్చిన రీడింగుల్లో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని తీసెయ్యండి. తేడాలన్నీ సున్నా, 0.00000763, 0.00001526, 0.00002289 ఇలా ఒకే మెట్టుకి గుణిజాలుగా వస్తుంటే మధ్యలో ఎక్కడో ఫ్లోట్ దూరిందన్నమాట.

దీనికంటే పెద్ద ప్రమాదం దూరం లెక్కలో పొంచి ఉంది. భూమ్మీద రెండు చోట్ల మధ్య దూరానికి గోళ త్రికోణమితిలో ఒక సూత్రముంది. అక్షాంశ రేఖాంశాల సైన్లు, కొసైన్లు కలిపి, మధ్య కోణం కొసైన్ ఎంతో తేల్చి, దాన్నుంచి కోణం రాబడతాం. కాగితం మీద అది నూటికి నూరుపాళ్లూ సరైనదే. చోట్లు దగ్గరైతే కోణం చిన్నది, కొసైన్ ఒకటికి అతి చేరువలో ఉంటుంది. ఒకటికి సరిగ్గా కింద ఫ్లోట్ల ఎడం 2⁻²⁴, అంటే 0.00000006. చాలా చిన్నదే. కానీ ఒకటి నుంచి అంత తక్కువ కొసైన్ ఉన్న కోణాన్ని 6,371 కిలోమీటర్ల భూవ్యాసార్ధంతో గుణిస్తే 2.2 కిలోమీటర్లు తేలుతుంది! మధ్యలో ఇంకో విలువ లేదు. అసలు దూరం కిలోమీటరున్నర లోపైతే కొసైన్ ఒకటికే సర్దుకుని దూరం సున్నా అంటుంది, దాటితే ఒక్కసారిగా 2.2 కిలోమీటర్లంటుంది. చార్మినార్‌కీ కూతవేటు దూరంలో ఉన్న మక్కా మసీదుకీ మధ్య దూరం సున్నా. మధ్యలో సైన్లు, కొసైన్లు గుణించేటప్పుడు జరిగే సర్దుబాట్లు కలిస్తే ఆ సున్నా కూడా నమ్మకంగా రాదు.

అందుకే హావర్‌సైన్ సూత్రం వాడతారు. అది కొసైన్‌ని కాక, తేడాలో సగానికి సైన్ వర్గాన్ని పట్టుకుంటుంది. చిన్న దూరానికి ఆ విలువ సున్నాకి దగ్గరగా ఉంటుంది, ఫ్లోట్లు దట్టంగా ఉండేది సున్నా దగ్గరే. గణితంలో రెండు సూత్రాలూ ఒకటే, 32 బిట్లలో మాత్రం ఒకటి మునుగుతుంది, ఇంకోటి తేలుతుంది. అయితే మొదట్లో 81 సెంటీమీటర్ల గళ్లలోకి సర్దినప్పుడు పోయింది హావర్‌సైన్‌తో కూడా తిరిగి రాదు.

`double` వాడితే ఈ బెడదలన్నీ దాదాపు పోతాయి. 78 దగ్గర దాని ఎడం 2⁻⁴⁶ డిగ్రీలు, నేలమీద మిల్లీమీటరులో లక్షో వంతు కూడా ఉండదు. కానీ అది రెట్టింపు జాగా తింటుంది, యూనో లాంటి బోర్డుల్లో అసలు దొరకదు. నిజానికి 32 బిట్లలోనే ఇంకో దారి ఉంది. ఫ్లోట్‌లో ఎనిమిది బిట్లు ఘాతానికి పోయాయి. వాటివల్ల 10³⁸ దాకా వెళ్లొచ్చు. రేఖాంశం ఎప్పుడూ 180 దాటదు, ఆ ఎనిమిది బిట్లూ దానికి దండగ. అందుకని డిగ్రీలను కోటితో గుణించి మామూలు పూర్ణాంకంగా దాస్తే? 180 డిగ్రీలు 180 కోట్లవుతాయి. గుర్తుతో కలిపి 32 బిట్ల పూర్ణాంకం 214 కోట్ల దాకా పడుతుంది, కాబట్టి హాయిగా ఇముడుతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తన బిందువులను ఇలాగే దాస్తుంది. యూ-బ్లాక్స్ జీపీఎస్ చిప్పులు తమ బైనరీ సందేశాల్లో స్థానాన్ని పంపేదీ ఈ రూపంలోనే. ఎడం లండన్‌లోనైనా ఫిజీలోనైనా డిగ్రీలో కోటో వంతే, నేలమీద సెంటీమీటరుకి అటూ ఇటూ. ఆ పద్ధతిలో చార్మినార్ 784747000. దాన్ని ఎక్కడ దాచినా, ఎన్నిసార్లు బయటికి తీసినా చివరన తోక రాదు.